రెండు వైపులా మాడ్ ఉన్నప్పుడు

హైదరాబాదు నుంచి విజయవాడకు రోడ్డు మీద సుమారు 270 కిలోమీటర్లు. ఆ రోడ్డును ఒక తిన్నని గీత అనుకుని, హైదరాబాదు దగ్గర 0 అని, విజయవాడ దగ్గర 270 అని గుర్తులు పెడదాం. దారిలో x అనే చోట ఒక బస్సు ఆగి ఉంది. అక్కడి నుంచి హైదరాబాదు ఎంత దూరం? |x|. విజయవాడ ఎంత దూరం? |x − 270|. ఈ రెండు నిలువు గీతల మధ్య రాసినదాన్ని పుస్తకాలు పరమ మూల్యం అంటాయి. తరగతిలో మాత్రం అందరూ మాడ్ అనే అంటారు. లోపల ఉన్నది ధన సంఖ్య అయితే మాడ్ దాన్ని ముట్టుకోదు. రుణ సంఖ్య అయితే గుర్తు మార్చి ధనం చేస్తుంది. బస్సు విజయవాడకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదాన్ని పక్కన పెట్టి ఎంత దూరంలో ఉందో మాత్రమే చెబుతుంది.

బస్సు విజయవాడకన్నా హైదరాబాదుకే దగ్గరగా ఉండాలంటే x ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నను గుర్తుల్లో రాస్తే |x| < |x − 270| అవుతుంది. అంటే రెండు వైపులా మాడ్ ఉన్న అసమీకరణం. దీనికి కాగితం, కలం అక్కర్లేదు. సగం దారి 135. సూర్యాపేట దాదాపు అక్కడే ఉంటుంది. దానికి హైదరాబాదు వైపున్న చోట్లన్నీ జవాబులే. హైదరాబాదు దాటి ఇంకా వెనక్కి వెళ్లినా జవాబులే. కాబట్టి x < 135.

ఇప్పుడు ప్రశ్నను కొంచెం మారుద్దాం. హైదరాబాదుకు ఉన్న దూరం, విజయవాడకు ఉన్న దూరానికి రెట్టింపుకన్నా తక్కువగా ఉండాలి. అంటే |x| < 2|x − 270|. రెండు ఊళ్ల మధ్యన చూస్తే 180 దగ్గర సరిగ్గా రెట్టింపు వస్తుంది. అక్కడి నుంచి హైదరాబాదు 180, విజయవాడ 90. అందుకే x < 180 అని రాసి చాలామంది కలం కింద పెట్టేస్తారు. ఒక్కసారి x = 600 వేసి చూడండి. హైదరాబాదు 600, విజయవాడ 330, దాని రెట్టింపు 660. 600 కన్నా 660 పెద్దదే కదా, మరి 600 కూడా జవాబే. విజయవాడ దాటి గీతను అలాగే పొడిగిస్తే 540 దగ్గర మరోసారి సరిగ్గా రెట్టింపు వస్తుంది. అక్కడి నుంచి ఒక ఊరు 540, రెండోది 270. నిజానికి అటు పోతే సముద్రమే వస్తుంది గానీ, లెక్కలోని గీతకు ఆ అడ్డు లేదు. పూర్తి జవాబు: x < 180 లేదా x > 540.

మధ్యన ఒక హద్దు, బయట మరో హద్దు. ఈ రకం లెక్కల్లో తప్పులు ఎక్కువగా పుట్టేది ఆ బయటి హద్దు దగ్గరే. గీత మీద కాక విశాలమైన మైదానంలో నిలబడి, ఒక బిందువుకు ఉన్న దూరం రెండోదానికి ఉన్న దూరానికి సరిగ్గా రెట్టింపు అయ్యే చోట్లన్నీ గుర్తిస్తూ పోతే ఒక వృత్తం ఏర్పడుతుంది. దానికి ప్రాచీన గ్రీకు గణితవేత్త, పెర్గా నగరవాసి అపోలోనియస్ పేరు ఉంది. మన 180, 540 ఆ వృత్తానికి ఒక వ్యాసపు రెండు కొసలు. వృత్తానికి ఒకే కొస ఉండనట్టే ఈ లెక్కకూ ఒకే హద్దు ఉండదు.

ఇక పుస్తకాల్లో కనిపించే రూపంలోకి వద్దాం.

|2x − 1| ≤ |x + 4|

దీన్ని సాధించడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఇరువైపులా వర్గం చేయడం. మాడ్‌ను ఎలా తీసేయాలన్నదే మన ఇబ్బంది కదా, వర్గం ఆ పని తనంతట తానే చేస్తుంది. సంఖ్య ధనమైనా రుణమైనా దాని వర్గం ధనమేనని 12వ శతాబ్దంలో రెండో భాస్కరుడు బీజగణితంలో చెప్పిన సూత్రమే ఇక్కడ పనికొచ్చేది. |A| వర్గం, A వర్గం ఒకటే. గుర్తు తేడా అక్కడితో చెరిగిపోతుంది.

కానీ అసమీకరణానికి ఇరువైపులా వర్గం చేయడం అన్నిసార్లూ చెల్లదు. −5 < 2 నిజం. వర్గం చేస్తే 25 < 4, అది అబద్ధం. రెండు వైపులా ఉన్నవి సున్నాకు తక్కువ కానప్పుడే ఈ పని చెల్లుతుంది. కారణం చూడటం కష్టం కాదు. a, b అనే రెండు సంఖ్యల వర్గాల తేడా b² − a² = (b − a)(b + a). రెండూ రుణం కాకపోతే (b + a) కూడా రుణం కాదు. కనుక వర్గాల్లో ఏది పెద్దదో తేల్చేది (b − a) గుర్తు ఒక్కటే. అసలు సంఖ్యల్లో ఏది పెద్దదో, వర్గాల్లోనూ అదే పెద్దది. మాడ్ ఎప్పుడూ రుణం కాదు. అందుకే రెండు వైపులా మాడ్‌లే ఉంటే ఏ షరతూ పెట్టుకోకుండా వర్గం చేయొచ్చు. మాడ్ రెండు వైపులా ఉంటే లెక్క కష్టమవుతుందని భయపడతారు గానీ, నిజానికి ఒక వైపే ఉన్నదానికన్నా ఇదే సుఖం. ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

వర్గం చేద్దాం.

(2x − 1)² ≤ (x + 4)²

ఇక్కడ నూటికి తొంభై మంది రెండు వైపులా విస్తరించి రాస్తారు. 4x² − 4x + 1 ≤ x² + 8x + 16. అన్నీ ఒక పక్కకు తెస్తే 3x² − 12x − 15 ≤ 0. మూడుతో భాగిస్తే x² − 4x − 5 ≤ 0. దాన్ని కారణాంకాలుగా విడదీస్తే (x − 5)(x + 1) ≤ 0. తప్పేమీ లేదు. కానీ ముడి వేసి మళ్లీ విప్పడం ఎందుకు? వర్గాల తేడా సూత్రం చేతిలోనే ఉంది. (x + 4)² ను ఎడమకు తెచ్చి నేరుగా ఇలా రాయొచ్చు:

[(2x − 1) − (x + 4)] · [(2x − 1) + (x + 4)] ≤ 0

మొదటి బ్రాకెట్టు x − 5, రెండోది 3x + 3. కాబట్టి 3(x − 5)(x + 1) ≤ 0. విస్తరించాల్సిన పని లేదు, మూలాలు వెతకాల్సిన పని అంతకన్నా లేదు. హద్దులు −1, 5 వాటంతట అవే బయటపడ్డాయి. రెండు కారణాంకాల లబ్ధం సున్నాకు మించకూడదంటే x వాటి మధ్యనే ఉండాలి. జవాబు: −1 ≤ x ≤ 5.

ఈ సూత్రాన్ని అక్షరాల్లో రాసి గుర్తుంచుకోవడం మంచిది. |A| ≤ |B| అన్నా, (A − B)(A + B) ≤ 0 అన్నా ఒక్కటే. ఎటునుంచి ఎటు వెళ్లినా ఏమీ పోదు, కొత్తగా ఏమీ చేరదు.

రెండో దారి సందర్భాలుగా విడగొట్టడం. మాడ్ లోపలి సమాసం ఎక్కడ సున్నా అవుతుందో అక్కడే దాని గుర్తు మారుతుంది. 2x − 1 సున్నా అయ్యేది x = 1/2 దగ్గర, x + 4 సున్నా అయ్యేది x = −4 దగ్గర. ఈ రెండు బిందువులు సంఖ్యారేఖను మూడు ముక్కలు చేస్తాయి. ఒక ముక్కలో ఉన్నంతసేపు ఏ మాడ్ లోపలి గుర్తూ మారదు కాబట్టి, అక్కడ నిలువు గీతలు తీసేసి మామూలు లెక్కలా చేసుకోవచ్చు.

ముందు x < −4 అన్న ముక్క. ఇక్కడ రెండు సమాసాలూ రుణాలే. రెండింటి గుర్తులూ మారిస్తే 1 − 2x ≤ −x − 4. సర్దితే x ≥ 5. కానీ మనం నిలబడింది −4 కన్నా తక్కువ ఉన్న చోట. అక్కడ 5 కన్నా ఎక్కువ సంఖ్య దొరకదు. ఈ ముక్కలో జవాబు లేదు.

తర్వాత −4 ≤ x < 1/2. ఇక్కడ x + 4 రుణం కాదు, 2x − 1 మాత్రం రుణం. 1 − 2x ≤ x + 4 అని రాస్తే −3 ≤ 3x, అంటే x ≥ −1. ఈ ముక్క హద్దులతో కలిపి చూస్తే −1 ≤ x < 1/2.

చివరిది x ≥ 1/2. రెండూ రుణాలు కావు. 2x − 1 ≤ x + 4, అంటే x ≤ 5. ముక్కతో కలిపితే 1/2 ≤ x ≤ 5.

ఈ రెంటినీ చేరిస్తే −1 ≤ x ≤ 5. వర్గం చేసినప్పుడు వచ్చిన జవాబే.

ఈ దారిలో తప్పు దొర్లేది బీజగణితంలో కాదు, తుది కూర్పులో. ప్రతి ముక్కలో వచ్చిన జవాబును ఆ ముక్క హద్దులతో కలిపి చూడాలి. అక్కడ రెండూ ఒకేసారి నిజం కావాలి కాబట్టి ఛేదనం తీసుకుంటాం. అలా వచ్చిన ముక్కలన్నిటినీ చివర చేర్చేటప్పుడు ఏదో ఒకటి నిజమైతే చాలు కాబట్టి సమ్మేళనం తీసుకుంటాం. మొదటి ముక్కలో x ≥ 5 రాగానే దాన్ని అలాగే తీసుకెళ్లి జవాబులో కలిపేసిన పేపర్లు దిద్దేవాళ్లకు తరచూ కనిపిస్తాయి. ఆ మాట −4 కు ఎడమ పక్కన మాత్రమే చెల్లుతుందన్న సంగతి మధ్యలో ఎక్కడో జారిపోతుంది.

ఇంకో తప్పు ఉంది. దానికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే అది చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. |A| ≤ 3 ఉంటే −3 ≤ A ≤ 3 అని చిన్నప్పుడే నేర్చుకుంటాం. ఆ అలవాటుతో |2x − 1| ≤ |x + 4| ను చూడగానే కుడివైపు మాడ్‌ను మరిచిపోయి −(x + 4) ≤ 2x − 1 ≤ x + 4 అని రాసేస్తారు. ఎడమ సగం x ≥ −1 ఇస్తుంది, కుడి సగం x ≤ 5 ఇస్తుంది. జవాబు సరిపోయింది! ఇక ఆ పద్ధతి తప్పని ఆ విద్యార్థికి ఎవరు చెప్పినా నమ్మడు.

కాబట్టి అతనికి ఈ లెక్క ఇవ్వాలి.

|x − 3| ≤ |2x + 1|

అదే పద్ధతిలో −(2x + 1) ≤ x − 3 ≤ 2x + 1 అని రాస్తే, ఎడమ సగం నుంచి x ≥ 2/3, కుడి సగం నుంచి x ≥ −4 వస్తాయి. రెండూ కలిసి x ≥ 2/3. ఇప్పుడు x = −10 వేసి చూడమనండి. ఎడమవైపు 13, కుడివైపు 19. అసమీకరణం నిజమే, కానీ −10 అతని జవాబులో లేదు. వర్గాల తేడాతో చేస్తే సంగతి తేటపడుతుంది. (x − 3) − (2x + 1) అంటే −x − 4. (x − 3) + (2x + 1) అంటే 3x − 2. వాటి లబ్ధం సున్నాకు మించకూడదు. రుణ గుర్తును తీసేసి దిశ మారిస్తే (x + 4)(3x − 2) ≥ 0. జవాబు x ≤ −4 లేదా x ≥ 2/3. సగం జవాబు, గీత మీద ఎడమవైపున్న కిరణం మొత్తం, గల్లంతయింది.

ఎందుకు పోయింది? −B ≤ A ≤ B అని రాసినప్పుడే B రుణం కాదని మనకు తెలియకుండా ఒప్పేసుకున్నాం. B రుణమైతే −B ధనం, B రుణం. ధన సంఖ్యకన్నా పెద్దదిగా, రుణ సంఖ్యకన్నా చిన్నదిగా ఒకేసారి ఉండే A ఎక్కడా ఉండదు. అంటే B రుణంగా ఉండే చోట్లన్నిటినీ ఆ ఒక్క వరుస చడీచప్పుడు లేకుండా తుడిచేస్తుంది. మొదటి లెక్కలో x + 4 రుణమయ్యే చోట ఎలాగూ జవాబులు లేవు కాబట్టి నష్టం బయటపడలేదు. రెండో లెక్కలో 2x + 1 రుణమయ్యే చోటే x ≤ −4 దాక్కుని ఉంది.

వర్గం చేయడానికీ ఇలాంటి ఉచ్చు ఉంది. కుడివైపు మాడ్ లేకుండా మామూలు సమాసం ఉన్నప్పుడు అందులో పడతాం.

|x − 1| < 2x − 5

ఏమీ ఆలోచించకుండా వర్గం చేస్తే (x − 1)² < (2x − 5)². తేడా తీస్తే (4 − x)(3x − 6) < 0. అంటే x < 2 లేదా x > 4. ఇప్పుడు x = 0 వేయండి. ఎడమవైపు 1, కుడివైపు −5. 1 < −5 అని వచ్చింది, అది ఎన్నటికీ నిజం కాదు. x < 2 అన్న కిరణమంతా ఇలాంటిదే. కుడివైపు రుణంగా ఉన్న చోట వర్గం చేయడంతో రుణం ధనమైపోయి, లేని జవాబులు పుట్టుకొచ్చాయి. సరైన జవాబు x > 4 మాత్రమే. 2x − 5 > 0, అంటే x > 5/2 అన్న షరతును ముందే రాసుకుని ఉంటే x < 2 దానంతటదే రాలిపోయేది.

గుర్తు తిరగేస్తే నష్టం కూడా తిరగబడుతుంది. |x − 1| > 2x − 5 కు వర్గం చేస్తే 2 < x < 4 వస్తుంది. కానీ కుడివైపు రుణంగా ఉన్న ప్రతిచోటా ఈ మాట నిజమే కదా! మాడ్ ఏదైనా రుణ సంఖ్యకన్నా పెద్దదే. సరైన జవాబు x < 4 అంతా. అక్కడ వర్గం లేనిది చేర్చింది, ఇక్కడ ఉన్నది పోగొట్టింది. రెండు వైపులా మాడ్ ఉన్న లెక్కే సుఖమని ముందు అన్నది ఇందుకే. |x − 1| < |2x − 5| అని ఉంటే x < 2 లేదా x > 4 అన్నదే నిజమైన జవాబు, ఏ షరతూ తగిలించనక్కర్లేదు. కుడివైపు రెండు నిలువు గీతలు ఉన్నాయా లేవా అన్నదాన్నిబట్టి ఒక కిరణం ఉండటమా పోవడమా తేలుతుంది.

ఈ గుర్తులన్నీ ఒకేసారి పుట్టినవి కావు. <, > గుర్తులు ఇంగ్లీషు గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో, ఆయన చనిపోయిన పదేళ్లకు, 1631లో అచ్చయ్యాయి. మాడ్‌కు నిలువు గీతలు వాడటం జర్మనీకి చెందిన కార్ల్ వయర్‌స్ట్రాస్ 1841లో మొదలుపెట్టాడు. రెండింటికీ మధ్య రెండు శతాబ్దాలకు పైనే ఎడం ఉంది.

జవాబు సరైనదో కాదో పెద్దగా శ్రమ లేకుండా పసిగట్టే మార్గం ఒకటుంది. లెక్క మొదలుపెట్టకముందే జవాబు ఆకారం తెలిసిపోతుంది. x చాలా పెద్దదైతే, లక్ష అనుకోండి, |2x − 1| లోని 1 కీ |x + 4| లోని 4 కీ లెక్కలేదు. ఒకటి సుమారు రెండు లక్షలు, రెండోది సుమారు లక్ష. x మైనస్ లక్ష అయినా అంతే. కాబట్టి గీత మీద రెండు చివర్లలోనూ 2x ఉన్న పక్కే పెద్దది. |2x − 1| ≤ |x + 4| అన్నప్పుడు ఆ పెద్దది చిన్నగా ఉండాలని అడుగుతున్నాం. దూరాన అది జరగదు. కాబట్టి జవాబు మధ్యలో ఒక ముక్కగానే ఉండాలి, −1 నుంచి 5 వరకు ఉన్నట్టు. |x − 3| ≤ |2x + 1| లో 2x పెద్ద పక్కనే ఉంది. కాబట్టి రెండు చివర్లూ జవాబులోకి రావాలి, అంటే రెండు కిరణాలు. x ≥ 2/3 అని ఒక్క కిరణమే వచ్చినప్పుడు ఏదో తప్పు జరిగిందని, −10 వేయకముందే, ఇలా తెలిసిపోతుంది. x ముందున్న గుణకాల పరిమాణాలు రెండు వైపులా సమానమైతేనే ఒక్క కిరణం వస్తుంది. వర్గం చేసినప్పుడు x² లు కొట్టుకుపోయి మామూలు సరళ అసమీకరణం మిగులుతుంది. హైదరాబాదుకా విజయవాడకా ఏది దగ్గర అన్న మొదటి ప్రశ్న అలాంటిదే.

హద్దులను సరిచూడటానికి దూరం ఆలోచనే మళ్లీ పనికొస్తుంది. |2x − 1| అంటే 2|x − 1/2|. కాబట్టి ఆ లెక్క అడిగేది ఇది: −4 కు ఉన్న దూరం, 1/2 కు ఉన్న దూరానికి కనీసం రెట్టింపు ఎక్కడ ఉంటుంది? −4 నుంచి 1/2 కు దూరం 4.5. దాన్ని 2 : 1 గా పంచితే −4 నుంచి 3 అవతల, అంటే −1 దగ్గర లోపలి హద్దు వస్తుంది. బయటి హద్దు 5 దగ్గర. అక్కడి నుంచి −4 కు 9, 1/2 కు 4.5. లెక్క కట్టకుండా రెండు హద్దులూ కళ్ల ముందుకొచ్చాయి.

భిన్నం రూపంలో వచ్చినప్పుడు ఒక్క బిందువు విషయంలో జాగ్రత్త పడాలి. |(2x − 1)/(x + 4)| ≥ 1 అని ఇచ్చారనుకుందాం. |x + 4| రుణం కాదు కనుక దానితో ఇరువైపులా గుణిస్తే దిశ మారదు. |2x − 1| ≥ |x + 4| అవుతుంది, దాని జవాబు x ≤ −1 లేదా x ≥ 5. కానీ x = −4 దగ్గర హారం సున్నా. ఆ బిందువు x ≤ −1 లోపలే ఉంది. దాన్ని తీసేయాలి. అదే గుర్తు ≤ అయి ఉంటే జవాబు −1 నుంచి 5 వరకే కాబట్టి −4 అందులోకి రానే రాదు, తీసేయాల్సిన అవసరమూ ఉండదు. బహుళైచ్ఛిక పరీక్షల్లో రెండు ఐచ్ఛికాల మధ్య తేడా ఆ ఒక్క బిందువే కావడం మామూలే.

ఇంతవరకు రెండే మాడ్‌లు, అటొకటి ఇటొకటి. మూడు వస్తే వర్గం చేసే దారి బరువెక్కుతుంది.

|x − 1| + |x − 4| < |x + 2|

రెండు వైపులూ రుణాలు కావు కాబట్టి వర్గం చేయడం చెల్లుతుంది. కానీ ఎడమవైపు వర్గంలో 2|x − 1||x − 4| అనే పదం మిగిలిపోతుంది. మాడ్ పోవాలని వర్గం చేస్తే అది లోపలే కూర్చుంది. ఇలాంటప్పుడు సందర్భాలుగా విడగొట్టడమే తిన్నని దారి. ఒక్కో మాడ్‌కు రెండు గుర్తుల చొప్పున మూడింటికి ఎనిమిది సందర్భాలు రాసేవాళ్లున్నారు. అంత అక్కర్లేదు. గుర్తులు మారే బిందువులు −2, 1, 4. అవి గీతను నాలుగే ముక్కలు చేస్తాయి. మిగతా నాలుగు గుర్తుల కలయికలు ఏ x దగ్గరా జరగవు.

x ≥ 4 అయితే 2x − 5 < x + 2, అంటే x < 7. ఈ ముక్క నుంచి 4 ≤ x < 7 దొరుకుతుంది. 1 ≤ x < 4 అయితే ఎడమవైపు x లు కొట్టుకుపోయి 3 మిగులుతుంది. ఆ ఊళ్లు రెండింటి మధ్యన ఎక్కడ నిలబడ్డా రెండు దూరాల మొత్తం మారదు కదా. 3 < x + 2, అంటే x > 1. ఇక్కడి నుంచి 1 < x < 4. −2 ≤ x < 1 లో 5 − 2x < x + 2, అంటే x > 1. ఈ ముక్కలో అది కుదరదు. x < −2 లో 5 − 2x < −x − 2, అంటే x > 7. అదీ కుదరదు. మొత్తం కలిపితే 1 < x < 7. హద్దు 7 దగ్గర చూస్తే 6 + 3, అటు 9. సమానం. హద్దు 1 దగ్గర 0 + 3, అటు 3. అదీ సమానమే. గుర్తు < కాబట్టి రెండు హద్దులూ జవాబులోకి రావు.

అలాగని మాడ్‌లు మూడున్న ప్రతి లెక్కనూ ముక్కలు చేయనక్కర్లేదు. దీన్ని చూడండి.

|x + 2| + |x − 1| ≤ |2x + 1|

కుడివైపు లోపల ఉన్న 2x + 1, ఎడమవైపు లోపలున్న రెండింటి మొత్తమే. x + 2 ను A అని, x − 1 ను B అని అంటే, ఇది |A| + |B| ≤ |A + B|. ఇప్పుడు వర్గం చేయండి. ఎడమవైపు A² + B² + 2|AB|, కుడివైపు A² + B² + 2AB. ఒకేలా ఉన్నవి కొట్టేస్తే |AB| ≤ AB మిగులుతుంది. ఒక సంఖ్య మాడ్ ఆ సంఖ్యను మించకూడదంటే ఆ సంఖ్య రుణం కాకూడదు, అంతే. కాబట్టి (x + 2)(x − 1) ≥ 0, జవాబు x ≤ −2 లేదా x ≥ 1.

మొదట మిగిలిపోయి ఇబ్బంది పెట్టిన 2|AB| పదమే ఇక్కడ లెక్కను ముగించింది. నిజానికి |AB| ఎప్పుడూ AB కన్నా తక్కువ కాదు. అందువల్ల |A| + |B| ఎప్పుడూ |A + B| కన్నా తక్కువ కాదు. త్రిభుజ అసమానత అని పిలిచే సూత్రం ఇదే, ఈ రెండు వరుసల వర్గమే దానికి రుజువు. కాబట్టి మన లెక్కలో ≤ అని రాసి ఉన్నా ఖచ్చితంగా తక్కువ కావడం ఎక్కడా జరగదు, సమానం కావడమే జరుగుతుంది. x = 3 దగ్గర 5 + 2, అటు 7. x = −5 దగ్గర 3 + 6, అటు 9. జవాబు కాని మధ్య భాగంలో, x = 0 దగ్గర, 2 + 1 అంటే 3, అటు 1. అక్కడ A, B ల గుర్తులు వేరు. కూడినప్పుడు ఒకదాన్ని ఒకటి తినేస్తాయి కాబట్టి కుడివైపు చిన్నదైపోతుంది.